సత్యనారాయణలు ఏడుగురా, నలుగురా: ఫోన్, ల్యాప్‌టాప్ కలిపాక రెట్టింపైన కాంటాక్టుల లెక్క

భీమవరం పక్కన రొయ్యల మేత, మందులు అమ్మే దుకాణం ఒకటి ఉందనుకుందాం. యజమాని ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్ ఖాతా కింద 610 కాంటాక్టులు ఉన్నాయి. పాత ఫోన్ నుంచి, సిమ్ నుంచి దించుకున్నవి మరో 180 ఫోన్ మెమరీలోనే విడిగా పడి ఉన్నాయి. బిల్లులు చూసే గుమాస్తా ల్యాప్‌టాప్‌లో అవుట్‌లుక్ వాడతాడు. అందులో 400. అన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని గుమాస్తా అవుట్‌లుక్ జాబితాను ఫైలుగా తీసి గూగుల్‌లోకి ఎక్కించాడు. అదే వారంలో ఫోన్ ‘మెమరీలో ఉన్నవాటిని గూగుల్‌కి మార్చమంటారా’ అని అడిగితే యజమాని సరేనని నొక్కేశాడు. ఇప్పుడు ఫోన్‌లో 1,190 పేర్లు. సత్యనారాయణ అని వెతికితే ఏడుగురు వస్తున్నారు. వాళ్లలో మేత పట్టుకెళ్లే రైతు ఎవరో, ఐసు ఫ్యాక్టరీ ఆయన ఎవరో తెలియదు.

ఇలాంటప్పుడు చెయ్యి ముందు వెళ్లేది గూగుల్ కాంటాక్ట్స్‌లోని `Merge & fix` మీదికి, అందులోని `Merge all` మీదికి. ఒక్క నొక్కుతో జాబితా సగానికి తగ్గుతుంది, చూడ్డానికి శుభ్రంగానూ ఉంటుంది. ఈ దుకాణం విషయంలో మాత్రం అది చేయకూడని పని. చేయాల్సింది కలపడం కాదు, ముందు ఒక అడుగు వెనక్కి వేయడం. ఎందుకో తెలియాలంటే ఈ రెట్టింపు ఎక్కడ పుట్టిందో చూడాలి.

ఒకే తెర, మూడు పుస్తకాలు

ఫోన్‌లో కాంటాక్ట్స్ తెరిస్తే కనిపించేది ఒక పుస్తకం కాదు. గూగుల్ ఖాతాలో ఉన్నవి, ఫోన్ మెమరీలో ఉన్నవి, సిమ్‌లో ఉన్నవి, కొన్ని కంపెనీల ఫోన్లలో ఆ కంపెనీ సొంత ఖాతాలో ఉన్నవి, అన్నిటినీ ఆండ్రాయిడ్ ఒకే వరుసలో పేర్చి చూపిస్తుంది. పేరూ నంబరూ సరిపోతే రెండు పుస్తకాల్లోని రెండు కార్డుల్ని ఒకటిగా చూపిస్తుంది కూడా. అయితే లోపల అవి రెండూ విడివిడిగానే ఉంటాయి. దీన్ని లింక్ చేయడం అంటారు. డేటా ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలదు, కనిపించే తీరు మాత్రమే మారుతుంది. కొత్త ఫోన్ కొన్న రోజు ఆ లింకు పోయి ఇద్దరూ మళ్లీ విడిగా దర్శనమిస్తారు. ‘అప్పుడే అన్నీ కలిపేశాను, మళ్లీ ఎలా వచ్చాయి’ అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

గూగుల్ ఖాతా లోపల రెండు కార్డుల్ని మెర్జ్ చేయడం వేరు. అక్కడ నిజంగానే రెండు కార్డులు పోయి ఒక్కటి మిగులుతుంది. ఆ మార్పు ఆ ఖాతా ఉన్న ప్రతి ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ వెళుతుంది. లింకు ఎప్పుడైనా విప్పుకోవచ్చు, మెర్జ్‌ను వెనక్కి తిప్పడానికి మాత్రం గడువు ఉంది.

లింకైన కార్డుల్లో ఇంకో ప్రమాదం ఉంది. తెర మీద ఒక్కటిగా కనిపిస్తున్న కార్డును ‘ఇది సిమ్ కాపీలే’ అనుకుని డిలీట్ చేస్తే, దాని వెనక ఉన్న గూగుల్ కార్డు కూడా పోతుంది. గూగుల్ కార్డయితే 30 రోజులు ట్రాష్‌లో ఉంటుంది. సిమ్‌లోది పోతే తిరిగి తెచ్చుకునే చోటే లేదు. అందుకే ఏది ఎక్కడ ఉందో చూడకుండా డిలీట్ జోలికి పోకూడదు. గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో కార్డు అడుగున అది ఏ ఖాతాలో ఉందో రాసి ఉంటుంది. పైన ఖాతాల వడపోతలో ఒక్కో ఖాతానే విడిగా ఎంచుకుని చూడవచ్చు.

గుమాస్తా ఎక్కించిన ఫైలు సంగతి వేరే. ప్రతి పుస్తకం తన కార్డుకు లోపల ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చుకుంటుంది. సింక్ అనేది ఆ సంఖ్య ఆధారంగా నడుస్తుంది: ఇక్కడి ఫలానా కార్డు, అక్కడి ఫలానా కార్డు ఒకటే, కాబట్టి ఇక్కడ మారితే అక్కడా మార్చు అని. ఫైలుగా తీసి ఎక్కించినప్పుడు ఆ బంధం తెగిపోతుంది. ఎక్కిన 400 పేర్లలో ప్రతిదీ గూగుల్‌కి కొత్త మనిషే. అదే ఫైలు రెండోసారి ఎక్కిస్తే ఇంకో 400 చేరతాయి. బ్యాకప్ కోసం ఫోన్‌లోంచి తీసుకున్న ఫైలును అదే ఖాతాలోకి మళ్లీ ఎక్కించి జాబితా రెండింతలు చేసుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. ఎక్కించడం సింక్ కాదు. ఈ తేడా పట్టుబడితే మిగతా పని తేలిక.

పేరు అబద్ధం చెబుతుంది, నంబరూ చెబుతుంది

`Merge & fix` చూసేది పేరునీ, నంబరునీ, మెయిల్‌నీ. ఈ మూడింటిలో ఏది కలిసినా ‘ఒకరే కావచ్చు’ అని సూచిస్తుంది. డెల్టాలో ఆ సూచన తప్పే సందర్భాలు తక్కువేం కాదు.

సిమ్ నుంచి వచ్చిన పేర్లు మొదటి గండం. సిమ్‌లో పేరుకు చోటు బాగా తక్కువ. సిమ్‌ను బట్టి మారినా, ఇంగ్లిష్ అక్షరాలు పద్నాలుగు పదహారు దాటితే చాలా సిమ్‌లు తోక కోసేస్తాయి. తెలుగులో రాస్తే ఇంకా తక్కువ పడతాయి. `Satyanarayana` ఒక్కదానికే పదమూడు అక్షరాలు. ఆ పక్కన `Ice` అని రాసినా, `Palakollu` అని రాసినా పద్నాలుగు అక్షరాలే పట్టే సిమ్‌లో అది మిగలదు. ఎప్పుడో ‘సత్యనారాయణ ఐసు’, ‘సత్యనారాయణ పాలకొల్లు’ అని ఇద్దరిగా సేవ్ చేసుకున్నవాళ్లు సిమ్ మీదుగా కొత్త ఫోన్‌కి వచ్చేసరికి ఒకే పేరుతో దిగుతారు. మెర్జ్ నొక్కితే ఐసు ఫ్యాక్టరీ ఆయన, పాలకొల్లు రైతు ఒకే కార్డులో రెండు నంబర్లయి కూర్చుంటారు. రొయ్యల పట్టుబడి రోజు తెల్లవారుజామున ఐసు కోసం ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారన్నది అదృష్టం.

రెండో గండం నంబరు. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ఫోన్ ఉన్న రోజుల్లో సేవ్ చేసిన కార్డులు ఇప్పటికీ జాబితాల్లో ఉన్నాయి. సూర్యారావు గారు చెరువు లీజుకు తీసుకున్నారు, మేత ఖాతా ఆయన భార్య పేరు మీద ఉంది, ఫోన్ మాత్రం కొడుకుది. ఫోన్‌లో ‘సూర్యారావు చెరువు’ అనీ, ల్యాప్‌టాప్‌లో బిల్లు కోసం భార్య పేరుతోనూ అదే నంబరు ఉంది. ఇక్కడ నంబరు ఒకటే, మనుషులు వేరు. అలాగని రెండు కార్డులూ ఉంచుకుంటే ఫోన్ మోగినప్పుడు కనిపించేది ఎలాగూ ఒక పేరే. ఇలాంటివాటికి మంచి పద్ధతి ఏమిటంటే, ఫోన్ ఎత్తే మనిషి పేరుతో ఒక్క కార్డే ఉంచి, రెండో పేరును నిక్‌నేమ్ గడిలో రాయడం. ఏ పేరుతో వెతికినా అదే కార్డు దొరుకుతుంది. కలపడం ఇక్కడ తప్పు కాదు. ఏ పేరు పైన నిలవాలో మనం చెప్పకుండా కలపడం తప్పు.

మూడో గండం కంప్యూటర్ తెచ్చిపెట్టేది, అందరికన్నా నిశ్శబ్దంగా పనిచేసేది. గుమాస్తా అవుట్‌లుక్ నుంచి తీసిన సీఎస్‌వీ ఫైలును, అంటే గడుల్ని కామాలతో వేరుచేసి రాసిన జాబితాను, గూగుల్‌కి ఎక్కించే ముందు ఎక్సెల్‌లో ఒకసారి తెరిచి, ఏదో సరిచేసి, సేవ్ చేశాడు. ఎక్సెల్‌కి ఫోన్ నంబరు అంటే ఒక అంకె మాత్రమే. `+91` తో మొదలైన నంబరులో ప్లస్ గుర్తును తీసేస్తుంది. మిగిలిన పన్నెండు అంకెలు దాని మామూలు గడిలో పట్టవు కాబట్టి `9.198E+11` లాంటి రూపంలో చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ రూపమే ఫైలులో పడుతుంది, చివరి అంకెలు ఇక దొరకవు. పది అంకెలతో రాసినవి బతికిపోతాయి. అందుకే ఫైలు పైపైన చూస్తే బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

ల్యాండ్‌లైన్ నంబర్లకు జరిగేది ఇంకా విచిత్రం. భీమవరం ఎస్‌టీడీ కోడ్ 08816. ముందున్న సున్నాను ఎక్సెల్ తినేస్తే మిగిలేది 8816తో మొదలయ్యే పది అంకెలు. చూస్తే అచ్చం మొబైల్ నంబరే. అమలాపురం 08856 కూడా అంతే. ఆ నంబరుకి వాట్సాప్‌లో రేటు పంపాలని చూసి ‘ఈ నంబరు వాట్సాప్‌లో లేదు’ అని వస్తే, మనిషి నంబరు మార్చాడనుకుంటారు. మారింది ఆయన కాదు. తెలుగులో రాసిన పేర్లున్న ఫైలైతే ఎక్సెల్‌లో నేరుగా తెరిచినప్పుడు ఒక్కోసారి `à°¸` లాంటి గజిబిజి కనిపిస్తుంది. ఆ స్థితిలో సేవ్ చేస్తే పేర్లు కూడా పోయినట్టే.

ఏ పుస్తకం అసలుది

శుభ్రం చేసే ముందే తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. చాలామంది దీన్ని ఆఖరుకు వాయిదా వేస్తారు, అందుకే నెల తిరిగేసరికి జాబితా మళ్లీ మొదటికొస్తుంది.

ఎక్కువ పేర్లున్నదాన్నో, ఎక్కువ వివరాలున్నదాన్నో అసలు పుస్తకంగా ఎంచుకోవాలనిపిస్తుంది. అంతకన్నా చూడాల్సింది కొత్త నంబరు ముందుగా ఎక్కడ చేరుతుందన్నది. ఈ దుకాణంలో కొత్త నంబర్లు చెరువు గట్టు మీద, కౌంటర్ దగ్గర, ఫోన్‌లోనే చేరతాయి. కాబట్టి ఫోన్‌కి దగ్గరగా ఉన్న పుస్తకమే అసలుది కావాలి. ఫోన్ నీళ్లలో పడినా అది నిలవాలి, కాబట్టి ఫోన్ మెమరీ, సిమ్ రెండూ పనికిరావు. పొరపాటు జరిగితే వెనక్కి తిప్పే వీలుండాలి. ల్యాప్‌టాప్ దాన్ని కాపీ చేసుకోకుండా నేరుగా చదవగలగాలి. ఆండ్రాయిడ్ ఫోన్, విండోస్ ల్యాప్‌టాప్ ఉన్న చోట ఈ నాలుగూ కుదిరేది గూగుల్ ఖాతాలోనే. ఇంట్లో అన్నీ ఐఫోన్లే అయితే జవాబు ఐక్లౌడ్ అవుతుంది. దుకాణం మొత్తం కంపెనీ మైక్రోసాఫ్ట్ ఖాతా మీద నడుస్తుంటే అవుట్‌లుక్ అవుతుంది. ఏదైనా ఒక్కటే ఉండాలి.

ఏ గూగుల్ ఖాతా అన్నది ఇంకో చిక్కు. మన ఊళ్లలో చాలా ఫోన్లలో మొదటి జీమెయిల్ ఫోన్ అమ్మిన షాపు కుర్రాడు అక్కడికక్కడే తెరిచి ఇచ్చింది. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, రికవరీ నంబరు కూడా ఎప్పుడో మానేసిన సిమ్‌ది. ఫోన్ పనిచేసినంత కాలం ఇబ్బంది తెలియదు. ఫోన్ పోయిన రోజే తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌లో అదే ఖాతాతో పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్లగలిగితేనే ఆ ఖాతాను అసలు పుస్తకంగా ఒప్పుకోవాలి. వెళ్లలేకపోతే ముందు పాస్‌వర్డ్, రికవరీ నంబరు సరిచేసుకోవాలి, లేదా దుకాణానికి వేరే ఖాతా తెరవాలి. వేరే ఖాతా మంచిదనడానికి ఇంకో కారణం ఉంది. గుమాస్తా ల్యాప్‌టాప్‌లో యజమాని సొంత ఖాతా తెరిచి ఉంచితే దుకాణం నంబర్లతోపాటు ఇంటి నంబర్లు, మెయిళ్లు, ఫొటోలు అన్నీ అక్కడ తెరుచుకునే ఉంటాయి.

వెనక్కి వెళ్లి మళ్లీ రావడం

ఇక పని. పట్టుబడులు లేని రోజు, కొత్త నంబర్లు పెద్దగా రాని పూట చూసుకుని మొదలుపెట్టడం మేలు. కారణం ఆఖరున తెలుస్తుంది.

మొదట ప్రతి పుస్తకానికీ విడిగా బ్యాకప్. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో `contacts.google.com` తెరిచి `Export` లో గూగుల్ సీఎస్‌వీ ఒకటి, ఒక్కో మనిషినీ ఒక్కో కార్డుగా రాసే వీకార్డ్ అనే `.vcf` ఫైలు ఒకటి తీయాలి. ఫోన్‌లోని కాంటాక్ట్స్ సెట్టింగ్స్ నుంచి `.vcf` ఫైలు ఒకటి తీసి ల్యాప్‌టాప్‌కి పంపుకోవాలి. అవుట్‌లుక్ నుంచి కొత్తగా, ఎక్సెల్ తాకని సీఎస్‌వీ ఇంకొకటి. ఫైలు వచ్చిందంటే సరిపోదు, నిండా ఉందో లేదో చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఫైలున్న ఫోల్డర్‌లోకి వెళ్లి ఇది కొడితే అందులో ఎన్ని కార్డులున్నాయో చెబుతుంది:

```
find /c "BEGIN:VCARD" contacts.vcf
```

గూగుల్ తెర మీద 1,190 ఉంటే గూగుల్ వీకార్డ్‌లోనూ 1,190 రావాలి. ఫోన్ నుంచి తీసిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు పేర్లు `=E0=B0=B0=E0=B0=BE` లాగా కనిపించవచ్చు. పాడైపోయిందని కంగారు పడనక్కర్లేదు. వీకార్డ్ 2.1 పద్ధతిలో తెలుగు అక్షరాలు అలాగే రాసుకుంటారు, ఆ వరుస ‘రా’ అన్న అక్షరం. అదే గజిబిజి ఫోన్ తెర మీద పేరుగా కనిపిస్తే మాత్రం ఎక్కించేటప్పుడు తేడా జరిగినట్టు.

ఇప్పుడు వెనక్కి వేసే అడుగు. గూగుల్ ఏ ఫైలు ఎక్కించినా ఆ పేర్లన్నిటికీ `Imported on` అని తేదీతో ఒక లేబుల్ తగిలిస్తుంది. ఎడమ పక్క ఆ లేబుల్ దగ్గర డిలీట్ నొక్కితే రెండు దారులు అడుగుతుంది: లేబుల్ మాత్రమే తీయాలా, అందులోని కాంటాక్టులతో సహా తీయాలా అని. రెండోది ఎంచుకుంటే గుమాస్తా ఎక్కించిన 400 ఒక్కసారిగా బయటికి పోతాయి. ఇది కలపడం మొదలుపెట్టక ముందు మాత్రమే పనికొచ్చే ఉపాయం. ఒకసారి మెర్జ్ అయ్యాక కలిసిన కార్డుకు కూడా ఆ లేబుల్ అంటుకునే ఉంటుంది. అప్పుడు లేబుల్‌తో సహా డిలీట్ చేస్తే మొదటినుంచీ ఉన్న మనుషులు కూడా పోతారు. `Merge all` ముందు నొక్కకూడదన్నది ఇందుకే.

మిగిలినవి 790. ఇవి ఫోన్‌లోవే, వీటిని ముందు శుభ్రం చేయాలి. `Merge & fix` సూచనల్ని ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. పేరు ఒకటే, నంబరు చివరి పది అంకెలూ ఒకటే అయితే ఆలోచించనక్కర్లేదు, కలిపేయవచ్చు. ఒక చోట `0` తో, ఒక చోట `+91` తో, ఇంకో చోట ఉత్త పది అంకెలతో ఉన్నది ఒకే నంబరు. పేరు ఒకటై నంబర్లు వేరైనవాటిని ఆపాలి. వాట్సాప్ ఫొటో, పాత బిల్లు పుస్తకం చాలావరకు తేల్చేస్తాయి. అప్పటికీ తేలకపోతే యూపీఐ యాప్‌లో ఆ నంబరు కొట్టి చూడవచ్చు. డబ్బు పంపకుండానే బ్యాంకులో ఉన్న పేరు ఇంటిపేరుతో సహా కనిపిస్తుంది. ఏడుగురు సత్యనారాయణల్లో నలుగురే మిగిలారనుకుందాం. ఆ నలుగురికీ పేరు పక్కన ఊరో పనో వెంటనే రాసేయాలి, రేపు రాద్దాంలే అంటే రాయరు. కలిపిన ప్రతి కార్డునూ ఒకసారి తెరిచి నోట్స్, మెయిల్ నిలిచాయో లేదో చూసుకోవాలి. ఇలా 790 కాస్తా 640కి దిగాయనుకుందాం.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లోని 400 సంగతి. వీటిని మళ్లీ టోకున ఎక్కించడంలో అర్థం లేదు. ఫోన్‌లో లేనివి ఏవో ముందే తేల్చుకుంటే సరి. గూగుల్ షీట్స్‌లో ఒక షీటులోకి అవుట్‌లుక్ సీఎస్‌వీని, `phone` అనే ఇంకో షీటులోకి శుభ్రం చేశాక కొత్తగా తీసిన గూగుల్ సీఎస్‌వీని తెచ్చుకోవాలి. తెచ్చేటప్పుడు `Convert text to numbers, dates, and formulas` అన్న గడిలో టిక్ తీసేయాలి. ఆ ఒక్క టిక్ తీయడంతో సున్నాలూ ప్లస్‌లూ బతుకుతాయి. తర్వాత రెండు షీట్లలోనూ నంబరు నుంచి చివరి పది అంకెలు తీసే గడి ఒకటి పెట్టుకోవాలి. నంబరు B గడిలో ఉండి, ఫలితం D గడిలో కావాలనుకుంటే:

```
=RIGHT(REGEXREPLACE(TO_TEXT(B2),"[^0-9]",""),10)
```

ఆపైన ల్యాప్‌టాప్ షీటులో E గడిలో:

```
=COUNTIF(phone!D:D,D2)
```

సున్నా వస్తే ఆ నంబరు ఫోన్‌లో లేదు. ఒకటి వస్తే ఉంది. రెండో అంతకన్నా ఎక్కువో వస్తే ఫోన్ జాబితాలోనే ఒకే నంబరు రెండు చోట్ల మిగిలింది, వెనక్కి వెళ్లి చూడాలి. అవుట్‌లుక్‌లో మొబైల్‌కీ, ఆఫీసుకీ, ఇంటికీ వేరువేరు గడులుంటాయి. గూగుల్ ఫైలులోనూ ఒక మనిషికి రెండో నంబరు వేరే గడిలోనో, అదే గడిలో `:::` గుర్తు తర్వాతో ఉంటుంది. కాబట్టి ఒకే గడిలో ఉన్నవాటిని విడదీసి, ఈ పరీక్ష ప్రతి నంబరుకీ చేయాలి. నంబరే లేని వరుసల్ని, అంటే మెయిల్ మాత్రమే ఉన్నవాటిని విడిగా పెట్టుకోవాలి, లేదంటే ఖాళీకి ఖాళీ సరిపోయి లెక్క తప్పుతుంది. కోనసీమలో ప్రతి జాబితాలోనూ ఉండే గల్ఫ్ నంబర్ల మీద ఇంకొంచెం కన్నుండాలి. కువైట్ నంబరు ఎనిమిది అంకెలే, ముందు 965. ఒక చోట దేశం కోడ్‌తో, ఇంకో చోట లేకుండా రాసుంటే ఈ సూత్రం వాటిని ఇద్దరిగా లెక్కేస్తుంది. ఆ పది పదిహేను పేర్లు కంటితో చూసుకోవడమే తేలిక.

400లో 140 ఫోన్‌లో లేవని తేలిందనుకుందాం. మిగతా 260 ఉన్నాయి. వాటిలో 45 మందికి ల్యాప్‌టాప్‌లో మెయిలో, బిల్లింగ్ చిరునామానో అదనంగా ఉంది. మిగతా 215 వరుసల్లో కొత్తగా ఏమీ లేదు, వాటిని వదిలేయవచ్చు. షీటులో 140, 45 మాత్రమే ఉంచి, సహాయం కోసం పెట్టుకున్న గడులు తీసేసి, సీఎస్‌వీగా దించి గూగుల్‌లోకి ఎక్కించాలి. 640కి 185 చేరి 825 అవుతాయి. ఆ 45 మందిని వాళ్ల వాళ్ల కార్డులతో కలిపితే 780 దగ్గర ఆగాలి. ఆగకపోతే ఎక్కడో తేడా ఉంది. 780 కన్నా తక్కువ వస్తే వేరువేరు మనుషులు కలిసిపోయారు, ఎక్కువ వస్తే కలవాల్సినవాళ్లు కలవలేదు. ఈ చివరి అంకె ముందే తెలిసి ఉండడం వల్లే ఈ దారి `Merge all` కన్నా నమ్మదగ్గది. అక్కడ ఎంత మిగలాలో ఎవరికీ తెలియదు, కాబట్టి తప్పు జరిగినా పట్టుబడదు.

చిరునామాల విషయంలో చిన్న చిక్కు ఎదురవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. అమలాపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాకు వచ్చింది. ఏలూరు పశ్చిమ గోదావరి నుంచి విడిపోయి వేరే జిల్లా అయింది. ల్యాప్‌టాప్‌లో పాత జిల్లా, ఫోన్‌లో కొత్త జిల్లా ఉంటే కలిపిన కార్డులో రెండు చిరునామాలు పడతాయి. పాతది అక్కడే తీసేయడం మంచిది.

మధ్యలో ఏదైనా చెడితే గూగుల్ కాంటాక్ట్స్ వెబ్‌లో పళ్లచక్రం గుర్తు కింద `Undo changes` ఉంది. పది నిమిషాలు, గంట, ఒక రోజు, వారం, లేదా మనం చెప్పిన సమయం, 30 రోజుల్లోపు ఎప్పటికైనా పుస్తకాన్ని తీసుకెళుతుంది. అయితే అది ఒక్క కార్డును కాదు, మొత్తం పుస్తకాన్ని వెనక్కి తిప్పుతుంది. ఆ మధ్యలో చేరిన కొత్త నంబర్లు కూడా పోతాయి. ఖాళీగా ఉన్న పూట ఈ పని పెట్టుకోమన్నది ఇందుకే.

మళ్లీ రెట్టింపు కాకుండా

780 దగ్గర ఆగాక మూసేయాల్సిన దారులు నాలుగు. ఫోన్‌లో కొత్త కాంటాక్ట్ డిఫాల్ట్‌గా ఎక్కడ సేవ్ కావాలో ఎంచుకునే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఎంచుకున్న గూగుల్ ఖాతాకు మార్చాలి. ఫోన్‌లో అవుట్‌లుక్ యాప్ ఉంటే దాని కాంటాక్టుల సింక్ ఆపేయాలి. లేకుంటే ఆ పాత 400 ఇంకో ఖాతా పేరుతో ఫోన్ తెర మీదికి తిరిగి వస్తాయి. ల్యాప్‌టాప్‌లో గుమాస్తా ఇకమీదట కాపీ ఉంచుకోకుండా `contacts.google.com` నే తెరిచి వాడుకోవచ్చు. మెయిల్ ప్రోగ్రామే కావాలంటే థండర్‌బర్డ్ కార్డ్‌డావ్ అనే సింక్ పద్ధతిలో గూగుల్ పుస్తకాన్ని నేరుగా తెరుస్తుంది. అక్కడ మార్చింది ఫోన్‌లోనూ మారుతుంది. దానిలో `Collected Addresses` అని ఒక చిన్న పుస్తకం ఉంటుంది, మెయిల్ పంపిన ప్రతివారినీ తనంతట తాను చేర్చుకుంటూ పోతుంది. దాన్ని సెట్టింగ్స్‌లో ఆపేస్తే సరి.

నాలుగోది ఎవరూ అనుమానించని వాట్సాప్. 2024 అక్టోబరు నుంచి ల్యాప్‌టాప్‌లోని వాట్సాప్‌లోనే కొత్త కాంటాక్ట్ సేవ్ చేసే వీలు వచ్చింది. దాన్ని ఫోన్ పుస్తకానికి పంపకుండా వాట్సాప్‌లో మాత్రమే ఉంచుకోవచ్చు. గుమాస్తా కౌంటర్‌లో కూర్చుని అలా నాలుగు పేర్లు చేర్చాడంటే గూగుల్‌కి తెలియని ఇంకో పుస్తకం మొదలైనట్టే. సేవ్ చేసేటప్పుడు ఫోన్‌కి సింక్ చేయాలన్న మీట ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

దారులన్నీ మూసుకున్నాయో లేదో తెలుసుకోవడానికి ఫోన్‌లో ఏదో ఒక ఉత్తుత్తి పేరు సేవ్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో అది కనిపించాక అక్కడ పేరు మార్చి, ఫోన్‌లో మారిందో లేదో చూడాలి. పాత పేరూ కొత్త పేరూ రెండూ కనిపిస్తే ఇంకో పుస్తకం తెరిచే ఉంది. ఆ కార్డు ఏ ఖాతాలో ఉందో చూస్తే అది ఏదో తెలిసిపోతుంది. సిమ్‌లో మిగిలిన పాత పేర్లను, అవుట్‌లుక్‌లోని పాత జాబితాను మాత్రం ఆ 30 రోజుల గడువు అయ్యేదాకా ఉంచి, ఈలోపు ఎవరి నంబరైనా కనపడలేదని తేలితే అక్కడి నుంచి చేత్తో రాసుకుని, గడువు దాటాక ఖాళీ చేయవచ్చు. బ్యాకప్ ఫైళ్లను తేదీ పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టి, వాటిని తిరిగి ఎక్కించవద్దని గుమాస్తాకు గట్టిగా చెప్పాలి.